వారం రీడింగ్ లిస్టు, 3వ పాఠం: ఏ తీర్పుకు బ్రీఫ్, ఏ తీర్పుకు పైచూపు

గత పాఠంలో ఒక తీర్పుకు బ్రీఫ్ ఎలా రాయాలో చూశాం. లిస్టులో ఏడు తీర్పులుంటే వాటిలో దేనికి బ్రీఫ్ రాయాలన్నది ఈ పాఠం. బెంగళూరులో లా చదువుతూ శనివారం హిందూపురం రైలెక్కే మనవాళ్లకు శుక్రవారం చేతికొచ్చిన లిస్టు మీద పెట్టడానికి మిగిలేది ఆరేడు గంటలు.

ఉదాహరణకు ఈ వారం అంశం "రాజ్యాంగ సవరణకు హద్దులున్నాయా" అనుకుందాం. లిస్టులో ఉన్నవి శంకరీ ప్రసాద్ (1951), సజ్జన్ సింగ్ (1965), గోలక్‌నాథ్ (1967), కేశవానంద భారతి (1973), ఇందిరా గాంధీ–రాజ్ నారాయణ్ (1975), మినర్వా మిల్స్ (1980), కోయెల్హో (2007). కేశవానంద ఒక్కటే దాదాపు ఏడు వందల పేజీలు. వరసగా మొదటి నుంచి చదువుతూ పోతే ఆదివారం రాత్రికి గోలక్‌నాథ్ దగ్గరే ఆగిపోతారు.

అందుకే మొదటి నలభై నిమిషాలు దేన్నీ చదవకండి. ఒక కాగితం మీద ఒక్కో తీర్పుకు ఒక్కో వరస గీసి, ఏడాది, బెంచ్‌లో ఎంతమంది, ఎటు ఎంతమంది, తర్వాత దాని గతి ఏమైంది అన్నవి రాయండి. ఇంతవరకు హెడ్‌నోట్ చాలు. తర్వాత లిస్టును కింది నుంచి పట్టుకోండి. కోయెల్హో తీర్పు తెరిచి పాత కేసుల పేర్ల కింద పెన్సిల్‌తో గీతలు గీస్తూ పోండి. కేశవానంద పదే పదే తగులుతుంది. తర్వాతివాళ్లు దేని మీద నిలబడి మాట్లాడుతున్నారో దానికే మీ సమయంలో పెద్ద వాటా.

శంకరీ ప్రసాద్ పైచూపుకు సరిపోతుంది. అయిదుగురూ ఏకాభిప్రాయం, పాయింటు ఒక్కటే: 13(2)లో "చట్టం" అన్న మాటలోకి రాజ్యాంగ సవరణ రాదు. పావుగంట, మూడు వాక్యాలు.

సజ్జన్ సింగ్ దగ్గరే చాలామంది బోల్తా పడతారు. మెజారిటీ పాత మాటే చెప్పింది కదా అని మొత్తం పైపైన తిప్పేస్తారు. కానీ అదే తీర్పులో జస్టిస్ ముధోల్కర్ విడిగా రాసిన అభిప్రాయం ఉంది. రాజ్యాంగపు మౌలిక లక్షణాన్ని మార్చడం సవరణ అవుతుందా, లేక కొంత భాగాన్ని తిరగరాయడమా అని ఆయన సందేహం లేవనెత్తారు. ఎనిమిదేళ్ల తర్వాత కేశవానందలో వచ్చిన మౌలిక స్వరూప వాదానికి విత్తనం అక్కడ ఉంది. కాబట్టి బ్రీఫా పైచూపా అన్నది తీర్పు మొత్తానికి కాదు, అందులోని ఒక్కో జడ్జి అభిప్రాయానికి తేల్చాలి. మెజారిటీకి పైచూపు, ముధోల్కర్‌కు పూర్తి చదువు.

గోలక్‌నాథ్ కొట్టుబడిపోయిన తీర్పు. అయినా వదిలేస్తే కేశవానంద ఎవరితో వాదిస్తోందో అర్థం కాదు. ప్రధాన న్యాయమూర్తి, మన కోకా సుబ్బారావు గారు, సవరణ కూడా 13(2) కింద చట్టమే అన్నారు. ఆ వాదనకు అరపేజీ బ్రీఫ్ రాయండి. భిన్నాభిప్రాయాలకు ఈ వారం చోటు లేదు.

కేశవానందకు రెండున్నర గంటలు. పదముగ్గురు జడ్జిలు, పదకొండు అభిప్రాయాలు, 7–6. తూకాన్ని సవరణకు హద్దులున్నాయన్న వైపు వంచింది జస్టిస్ ఖన్నా. కనుక పూర్తి బ్రీఫ్ ఆయన అభిప్రాయానికే. ముందు చివర్లో ఉన్న నిర్ధారణలు చదివి, ఒక్కోదానికి కారణం ఎక్కడుందో వెనక్కి వెళ్లి వెతకండి. ప్రధాన న్యాయమూర్తి సిక్రీ గారివీ, ఎదుటివైపు నుంచి జస్టిస్ రే గారివీ నిర్ధారణలు మాత్రం చూడండి. తీర్పు చివర "మెజారిటీ అభిప్రాయం" అంటూ ఒక సంక్షిప్తం ఉంటుంది. దాన్నే ఎత్తి రాసేయాలనిపిస్తుంది, కానీ దానిమీద సంతకం చేసింది తొమ్మిది మందే, నలుగురు చేయలేదు. దాన్ని దారి చూపే బోర్డుగా వాడుకోండి, అంతే. హెడ్‌నోట్‌దీ అదే కథ. అది ఎడిటర్ రాసింది, జడ్జి మాట కాదు. ఏది చదవాలో తేల్చుకోవడానికి పనికొస్తుంది, బ్రీఫ్‌లోకి ఎక్కించడానికి కాదు.

ఇందిరా గాంధీ కేసులో 39వ సవరణలోని 329ఎ(4) ఎందుకు చెల్లలేదో చూస్తే చాలు, ఇరవై నిమిషాలు. కోయెల్హోకు మరో అరగంట. తొమ్మిదో షెడ్యూల్‌లో 24 ఏప్రిల్ 1973 తర్వాత చేర్చిన చట్టాల సంగతి అందులో ఉంది.

పైచూపు సరిగ్గా జరిగిందో లేదో మీరు రాసిన మూడు వాక్యాలే చెబుతాయి. "సవరణ చెల్లుతుందన్నారు" అని ఫలితం మాత్రమే ఉండి, "ఎందుకంటే" అన్న మాట ఎక్కడా లేకపోతే ఆ తీర్పును మీరు చూడలేదన్నట్టే. మళ్లీ పది నిమిషాలు ఇవ్వండి. అప్పటికీ కారణం ఒక వాక్యంలో ఇమడకపోతే దాన్ని బ్రీఫ్ వైపు మార్చి, ఇంకోదాన్ని పైచూపులోకి దించండి.

మినర్వా మిల్స్‌ను కావాలనే వదిలాం. అందులో జస్టిస్ భగవతి విడిగా రాశారు. వచ్చే పాఠం లోపు ఆ తీర్పులో దేనికి బ్రీఫ్, దేనికి పైచూపు అన్నది ముప్పావు గంటలో మీరే తేల్చి, ఒక్కోదాని పక్కన కారణం రాసి పెట్టుకోండి. నాలుగో పాఠం ఆ కాగితంతో మొదలవుతుంది.