ఇతర మతస్తుల పండుగలకు శుభాకాంక్షలు ఎలా చెప్పాలి? వారు మనకు చెప్పినప్పుడు ఎలా బదులివ్వాలి?

ముందుగా ఆ రోజు వేడుకా, సంతాపమా అన్నది తెలుసుకోవాలి. పొరపాట్లు ఎక్కువగా జరిగేది ఇక్కడే. క్యాలెండరులో సెలవు కనిపించగానే శుభాకాంక్షలు పంపేస్తుంటారు, కానీ గుడ్ ఫ్రైడే క్రైస్తవులకు ఏసుక్రీస్తు శిలువ మరణాన్ని స్మరించుకునే రోజు, సంతోషం పంచుకోవలసిన ఈస్టర్ ఆ తరువాతి ఆదివారం వస్తుంది. అలాగే మొహర్రం పదో రోజు, క్రీ.శ. 680లో కర్బలాలో ఇమామ్ హుస్సేన్ అమరుడైనందుకు షియా ముస్లింలు శోకించే దినం. ఇటువంటి రోజుల్లో శుభాకాంక్షలు చెప్పకపోవడమే మర్యాద. సన్నిహితులైతే "ఈ రోజు మిమ్మల్ని తలచుకున్నాను" అంటే సరిపోతుంది.

తరువాత తేదీ చూసుకోవాలి. రంజాన్ నెల చంద్రదర్శనాన్ని బట్టి 29 లేదా 30 రోజులు ఉంటుంది కాబట్టి, పండుగ ఏ రోజన్నది చాలాచోట్ల ముందురోజు సాయంత్రం గానీ ఖాయం కాదు. పక్క సీటులోని సహోద్యోగి ఉపవాసాలు ఉంటున్నారనుకోండి. నెల మొదట్లో "రంజాన్ ముబారక్" అనవచ్చు, "ఈద్ ముబారక్" మాత్రం నెలవంక కనిపించిన తరువాతే చెప్పాలి. సందేశాన్ని రెండు రోజుల ముందే సిద్ధం చేసుకున్నా, పంపే ముందు "పండుగ రేపేనా?" అని వారినే అడగండి. అలా అడిగినందుకు ఎవరూ నొచ్చుకోరు. క్రిస్మస్ విషయంలోనూ అందరిదీ ఒకే తేదీ కాదు, రష్యన్ ఆర్థడాక్స్ క్రైస్తవులు జనవరి 7న జరుపుకుంటారు.

పేరును బట్టి పండుగను ఊహించడం కూడా సరికాదు. యెహోవా సాక్షులు బైబిలును నమ్మినప్పటికీ క్రిస్మస్ జరుపుకోరు. ఎవరైనా "మేము చేసుకోమండీ" అంటే, "అలాగా, నాకు తెలియలేదండీ" అని ఊరుకోవాలి, కారణాలు అడగకూడదు.

మాటలు క్లుప్తంగా ఉంటేనే బాగుంటుంది. "మీకు, మీ కుటుంబానికి ఈద్ ముబారక్" అంటే చాలు. అందరికీ పంపే బొమ్మల సందేశం కన్నా పేరు పెట్టి రాసిన ఒక్క వాక్యం విలువైనది. అన్ని మతాలూ ఒక్కటేనన్న ఉపన్యాసం, ఆచారాలపై చమత్కారం ఇందులో ఇమడవు.

ఇక మీ పండుగకు వారు శుభాకాంక్షలు చెప్పినప్పుడు, అలవాటుగా "మీక్కూడా" అనే మాట నోటికి వచ్చేస్తుంది. అది వారి పండుగ కాదు కనుక, "ధన్యవాదాలండీ, గుర్తుపెట్టుకుని చెప్పారు, చాలా సంతోషం" అనడం మేలు. పండుగ దాటిపోయాక చెప్పినా, పేరు తప్పు పలికినా అలాగే స్వీకరించండి. అయితే మీరు సంతాపం పాటించే రోజున శుభాకాంక్షలు అందితే, అందరి ముందూ సరిదిద్దకుండా, తీరిక చూసుకుని "ఇది మాకు వేడుక రోజు కాదండీ, మీ అభిమానానికి మాత్రం ధన్యవాదాలు" అని విడిగా చెప్పండి.