రెప్పలకు ఎక్స్‌టెన్షన్లు పెట్టించుకున్నాక దురద, వాపు, పుసి: కారణం ఎలా గుర్తించాలి, ఏం చేయాలి

పెళ్లిళ్ల కాలంలో కర్నూలు, అనంతపురం, కడప పార్లర్లలో రెప్ప వెంట్రుకలకు ఎక్స్‌టెన్షన్లు అతికించుకునేవారు ఎక్కువవుతారు. ఆ తర్వాత కళ్లు ఎర్రబడితే చాలామంది వెంటనే మందుల షాపుకు వెళ్లి చుక్కల మందు అడుగుతారు. దానికంటే ముందు, బాధ ఎన్ని గంటలకు లేదా ఎన్ని రోజులకు మొదలైందో గుర్తు చేసుకోవాలి, ఎందుకంటే కారణం చాలావరకు అక్కడే తెలిసిపోతుంది.

అదే రోజు మంట, నీళ్లు కారడం

జిగురులో ఉండే సైనోయాక్రిలేట్ ఆరేటప్పుడు వెలువడే ఆవిరి కంటికి తగలడం వల్ల ఇది వస్తుంది. మామూలుగా కొన్ని గంటల్లో తగ్గుతుంది, చల్లని తడిగుడ్డ వేసుకుంటే చాలు. జిగురు చుక్కే కంట్లో పడితే మాత్రం పదిహేను నిమిషాలపాటు శుభ్రమైన నీటితో కడిగి, అతుక్కున్నదాన్ని లాగకుండా, కంటి డాక్టరు దగ్గరకు వెళ్లాలి. కంట్లో ఏదో గుచ్చుతున్నట్టు ఉండి తగ్గకపోయినా అంతే.

ఒకటి రెండు రోజులకు రెప్పలు ఉబ్బి విపరీతమైన దురద

రెండు కళ్లకూ ఒకేలా వచ్చి, పుసి లేకుండా దురదే ఎక్కువగా ఉంటే, జిగురు పడలేదని, అంటే అలర్జీ అని అనుమానించాలి. ఎక్స్‌టెన్షన్లను పెట్టినవారి చేతనే, కళ్లు మూసి ఉంచి, రిమూవర్‌తో తీయించుకోవాలి. ఇంట్లో పీకితే సొంత వెంట్రుకలు కూడా ఊడి వస్తాయి. వేరే పార్లర్‌కు మారితే సరిపోతుందనుకోవడం పొరపాటు, ఎందుకంటే అక్కడి జిగురు కూడా ఎక్కువగా ఇదే రకానికి చెందినదై ఉంటుంది, అలర్జీ తిరగబెట్టినప్పుడు మరింత తీవ్రంగా రావచ్చు.

రెండు మూడు వారాలకు పొద్దున్నే రెప్పలు అతుక్కోవడం

ఎక్కువమందిని బాధించేది, ఎక్కువగా పొరపాటు పడేది ఇక్కడే. కడపలో అక్క పెళ్లికి ఎక్స్‌టెన్షన్లు పెట్టించుకున్న ఒక అమ్మాయిని ఉదాహరణగా తీసుకుందాం. మొదటి రోజు నీళ్లు తగలనివ్వవద్దని పార్లర్‌లో చెప్పిన మాటను ఆమె అన్ని రోజులకూ వర్తింపజేసి, ఊడిపోతాయేమోనన్న భయంతో రెప్పలను కడగడమే మానేసింది. రోజూ రెప్ప లోపలి అంచున కాటుక కూడా పెట్టుకుంది. ఎండాకాలపు చెమట, దుమ్ము, చర్మపు నూనె, రాలిన మృతకణాలు దట్టమైన వెంట్రుకల మొదళ్లలో పేరుకుపోయి, అక్కడ బ్యాక్టీరియా పెరిగింది. కంటికి నూనెపూత అందించే సన్నని గ్రంథుల రంధ్రాలు సరిగ్గా కాటుక గీసే ఆ అంచు మీదే ఉంటాయి కాబట్టి, అవి కూడా మూసుకుపోయాయి. మూడో వారానికి అద్దంలో చూస్తే వెంట్రుకల మొదళ్ల దగ్గర చుండ్రులాంటి పొలుసులు కనిపించాయి, రెప్ప అంచున నొప్పితో కూడిన చిన్న కురుపు లేచింది. ఈ రెప్ప అంచుల వాపునే డాక్టర్లు బ్లెఫరైటిస్ అంటారు. పొలుసులు వెంట్రుక మొదలు చుట్టూ గొట్టంలా అంటుకుని ఉంటే, డెమోడెక్స్ అనే కంటికి కనిపించని పురుగు కూడా కారణం కావచ్చు, దానికి డాక్టరు ఇచ్చే ప్రత్యేక చికిత్స అవసరమవుతుంది.

ఇటువంటప్పుడు ముందుగా ఎక్స్‌టెన్షన్లను తీయించాలి, అవి ఉండగా అంచును సరిగా శుభ్రం చేయలేము. ఆ తర్వాత ముంజేతి లోపలి వైపు హాయిగా ఓర్చుకోగలిగినంత వేడి నీటిలో శుభ్రమైన గుడ్డను ముంచి, పిండి, మూసిన రెప్పల మీద ఐదు నుంచి పది నిమిషాలు ఉంచాలి. గుడ్డ త్వరగా చల్లబడుతుంది కాబట్టి మధ్యలో మళ్లీ మళ్లీ ముంచుతూ ఉండాలి. వెంటనే పై రెప్పను కిందికి, కింది రెప్పను పైకి, అంచు వైపుగా వేలితో మెల్లగా ఒత్తితే గడ్డకట్టిన నూనె కదులుతుంది. కురుపును మాత్రం చిదమకూడదు. చివరగా రెప్పలు శుభ్రం చేసుకునే నూనె లేని ఫోమ్‌తో వెంట్రుకల మొదళ్లను తుడవాలి. రోజుకు రెండుసార్లు చొప్పున కొన్ని వారాలు చేయాలి, రెండు రోజులకే ఆపేస్తే మళ్లీ పేరుకుంటుంది.

ఆ రోజుల్లో వాడిన మస్కారా, ఐలైనర్, కాటుకను పారేయాలి, లేకపోతే అవే మళ్లీ సూక్ష్మజీవులను తెచ్చి పెడతాయి. మస్కారాను తెరిచిన మూడు నెలలకు మార్చాలి, ఆరిపోయిందని అందులో నీళ్లు కలపకూడదు, పెళ్లింట్లో అందరూ ఒకే కాటుక పెన్సిల్ వాడుకోకూడదు. మేకప్ మొదలుపెట్టాక కాటుకను వెంట్రుకలకు బయటివైపే గీయాలి.

డాక్టరు దగ్గరకు ఎప్పుడు

చూపు మసకబారినా, వెలుతురు చూడలేకపోయినా, కంటిగుడ్డులోనే నొప్పి ఉన్నా, జ్వరంతో వాపు చెంపకు పాకినా ఆగకూడదు. కాంటాక్ట్ లెన్స్ వాడేవారైతే కన్ను ఎర్రబడగానే లెన్స్ తీసేసి అదే రోజు చూపించుకోవాలి. మందుల షాపులో అడిగి తెచ్చుకునే స్టెరాయిడ్ చుక్కలు ఎరుపును తగ్గించినట్టే కనిపించి, లోపలి ఇన్ఫెక్షన్‌ను ముదిరేలా చేయగలవు, ఎక్కువ రోజులు వేస్తే కంటిలోని పీడనాన్ని కూడా పెంచగలవు. కర్నూలులో ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉంది. వెళ్లేటప్పుడు ఎక్స్‌టెన్షన్లు పెట్టిన తేదీ, బాధ మొదలైన తేదీ రాసుకుని, పార్లర్‌లో వాడిన జిగురు సీసా ఫొటో దొరికితే తీసుకెళ్లాలి.