విమాన ప్రయాణం నేర్చుకుందాం, 3వ పాఠం: ఇంట్లో ఎన్నింటికి బయలుదేరాలి?

పోయిన పాఠంలో టికెట్ చదవడం చూశాం. అందులో పెద్ద అక్షరాల్లో ఉండేది విమానం బయలుదేరే టైము. మన లెక్క మాత్రం బ్యాగులు తీసుకునే చెకిన్ కౌంటర్ మూసే టైము నుంచి వెనక్కి వెయ్యాలి. మన దేశంలో డొమెస్టిక్‌కు అది సాధారణంగా 60 నిమిషాల ముందు, ఇంటర్నేషనల్‌కు 60 నుంచి 75 నిమిషాల ముందు. ఎయిర్‌లైన్‌ను బట్టి మారుతుంది కాబట్టి టికెట్ మీద ఓసారి చూసుకోండి.

కూకట్‌పల్లి నుంచి శంషాబాద్ వెళ్లి, ఉదయం 7:00కి ఢిల్లీ విమానం ఎక్కాలనుకుందాం. చేతిలో ఒక పెద్ద బ్యాగు ఉంది. కౌంటర్ 6:00కి మూస్తారు. గుమ్మం దగ్గర ఐడీ తనిఖీకి, బ్యాగు లైనుకి ఒక గంట తీసి పెట్టండి. అంటే 5:00కి గుమ్మం దగ్గర ఉండాలి. తెల్లవారుజామున ఔటర్ రింగ్ రోడ్డు మీద గంట చాలు కాబట్టి 4:00కి కారెక్కాలి. ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో ముందే చేసుకునే వెబ్ చెకిన్ అయిపోయి, చేతి బ్యాగు ఒక్కటే ఉంటే కౌంటర్‌తో పని లేదు. అప్పుడు చూసుకోవాల్సింది బోర్డింగ్ గేటు మూసే టైము, అంటే దాదాపు 25 నిమిషాల ముందు. మధ్యలో సెక్యూరిటీ చెకింగ్ ఉంటుంది కాబట్టి గంటన్నర ముందు చేరితే సరిపోతుంది. అదే విమానం సాయంత్రం 7:00కి అయితే ఎయిర్‌పోర్టు లోపలి లెక్క మారదు, దారి లెక్క మారుతుంది. గచ్చిబౌలి ట్రాఫిక్‌కి ఇంకో గంట కలపండి.

ఇంటర్నేషనల్‌కు మూడు గంటల ముందు చేరాలి. కౌంటర్‌లో పాస్‌పోర్టు, వీసా చూస్తారు, అమెరికా వెళ్లే విద్యార్థి అయితే అక్కడి యూనివర్సిటీ ఇచ్చే I-20 ఫారం కూడా అడుగుతారు. ఆ తర్వాత ఇమిగ్రేషన్, ఆపైన సెక్యూరిటీ. ఎక్కువగా ఆలస్యమయ్యేది బరువు దగ్గరే. ఊరగాయలు, పొడులు కుక్కిన సూట్‌కేసు రెండు కిలోలు ఎక్కువ తూగితే అక్కడే నేల మీద విప్పి సర్దుకోవాలి, మళ్లీ లైనులో నిలబడాలి. అరగంట ఇట్టే పోతుంది. చంటిపిల్లలున్నా, పెద్దవాళ్లకు వీల్‌చైర్ కావాలన్నా ఇంకో అరగంట కలుపుకోండి. అలాగని ఐదారు గంటల ముందు వెళ్లినా లాభం లేదు. చాలా ఎయిర్‌లైన్లు కౌంటర్ తెరిచేదే మూడు నాలుగు గంటల ముందు.

అర్ధరాత్రి విమానాలతో ఇంకో చిక్కుంది. టికెట్ మీద 15వ తేదీ 00:40 అని ఉంటే, మీరు ఎయిర్‌పోర్టులో ఉండాల్సింది 14వ తేదీ రాత్రి 9:40కి. 15న రాత్రి వెళ్తే విమానం పోయి దాదాపు రోజు అయిపోయి ఉంటుంది. గల్ఫ్ వెళ్లే విమానాలు చాలావరకు రాత్రిపూటవే కాబట్టి ఈ పొరపాటు ఇళ్లలో ఎక్కువగా జరుగుతుంది.

అభ్యాసం: 20వ తేదీ 02:15కి శంషాబాద్ నుంచి దోహా విమానం. ఉండేది కరీంనగర్‌లో, కారులో నాలుగు గంటలనుకోండి. ఇద్దరు మనుషులు, నాలుగు సూట్‌కేసులు. ఏ తేదీన, ఎన్నింటికి బయలుదేరాలో కాగితం మీద వేసి ఉంచుకోండి. వచ్చే పాఠంలో జవాబు చూసుకుని, ఇంట్లోనే బ్యాగు తూచడం నేర్చుకుందాం.