కొత్త డ్రెస్సింగు 90 మందికే సరిపోతుందన్నప్పుడు

ఆపరేషన్ గాయాల్లో ఇన్ఫెక్షన్ మామూలు డ్రెస్సింగుతో 30%, కొత్తదానితో 15% ఉంటుందని మా అంచనా. 5% ఆల్ఫా, 80% పవర్‌తో లెక్కేస్తే గ్రూపుకి 118 మంది కావాలి. కొత్త డ్రెస్సింగు మాత్రం 90 మందికే ఉంది. అందుకే మామూలు గ్రూపును దానికి రెట్టింపు చేద్దామనుకున్నాం. R లోని `power.prop.test` సమాన గ్రూపులకే లెక్కిస్తుంది కాబట్టి సూత్రాన్నే రాసుకున్నాను:

```
p1 <- 0.15; p2 <- 0.30; k <- 2
n1 <- ceiling(2.8^2 * (p1*(1-p1) + p2*(1-p2)/k) / (p1-p2)^2)
```

ఇక్కడ `p1` కొత్త డ్రెస్సింగు, `p2` మామూలుది, `k` అంటే కొత్తదానికి ఎన్ని రెట్లు మామూలు గ్రూపు. 2.8 అంటే 5% ఆల్ఫాకి వచ్చే 1.96, 80% పవర్‌కి వచ్చే 0.84 కలిపితే వచ్చేది. `n1` 82 వచ్చింది, అవతల 164. మొత్తం 236 నుంచి 246కే పెరిగింది, సమస్య తీరింది.

ఏ గ్రూపును రెట్టింపు చేస్తున్నామో మాత్రం తప్పక చూసుకోవాలి. `p1`, `p2` తారుమారైతే 96, 192 వస్తాయి, మొత్తం 288. 30% దగ్గర చెదురు ఎక్కువ, అందుకే అటువైపు మందిని పెంచితేనే లాభం. మధ్యలో మానేసేవాళ్ల కోసం ఇంకొంచెం కలపాలి. మాకు 82కీ 90కీ మధ్య 8 మందికే చోటుంది, అంటే దాదాపు 9% వరకే తట్టుకుంటుంది.