పాల్పుల కంటే ముందు మీసాలు చూడండి

వానలు మొదలవుతున్నాయి, ఊళ్లలో దోమలు పట్టి లెక్క రాసే పని కూడా. మొన్న ఒక ఊరి లెక్క నా చేతికొచ్చింది. పశువుల పాకల్లో పొద్దున్నే పట్టిన 22 దోమల్లో 15 అనాఫిలిస్ అని రాశారు. ఊరంతా మలేరియా టెన్షన్. ఆ ట్యూబులు తెప్పించి 10 రెట్ల లెన్స్ కింద పెట్టాను. ఆ 15లో 13 మగ క్యూలెక్స్‌లే!

తప్పు ఎక్కడ జరిగిందంటే, తొండానికి రెండు పక్కలా ఉండే పాల్పులు తొండమంత పొడవుంటే అనాఫిలిస్ అని అందరికీ నేర్పుతాం. అది ఆడదోమలకే పనికొచ్చే గుర్తు. ఆడ క్యూలెక్స్, ఆడ ఈడిస్ పాల్పులు తొండం మొదట్లోనే పొట్టిగా ఆగిపోతాయి. మగ క్యూలెక్స్ పాల్పులు మాత్రం తొండాన్ని దాటిపోయి, కొసన వెంట్రుకలతో పైకి వంగి ఉంటాయి. మగ ఈడిస్‌కీ పొడవే. అందుకే ముందు మీసాలు చూడాలి. సీసాలు కడిగే బ్రష్షులా గుబురుగా ఉంటే మగది, పక్కన పెట్టండి. పలచగా నాలుగు వెంట్రుకలుంటే ఆడది. పాల్పులు అప్పుడు చూడండి.

గోడ మీద వాలిన తీరు కూడా మోసం చేస్తుంది. తోక పైకెత్తి ఏటవాలుగా కూర్చుంటే అనాఫిలిస్ అన్నది చాలాసార్లు నిజమే. కానీ మన పల్లెల్లో మలేరియాను ఎక్కువగా మోసే క్యులిసిఫేసిస్ అనే అనాఫిలిస్ కొంత క్యూలెక్స్ లాగే గోడకు దగ్గరగా వాలుతుంది. వాలిన తీరు చూసి అనుమానపడండి, పేరు మాత్రం లెన్స్ కిందే పెట్టండి.

కాళ్ల మీద తెల్ల పట్టీలు చూసి ఈడిస్ అనేయకండి. పట్టీలున్న అనాఫిలిస్‌లూ క్యూలెక్స్‌లూ ఉన్నాయి. డెంగీ మోసే ఈడిస్ ఈజిప్టై అయితే నల్లటి వీపు మీద రెండు పక్కలా వంపు తిరిగిన వెండి గీతలు, మధ్యలో సన్నటి గీతలు కనిపిస్తాయి. వీపు నడుమ ఒకే తెల్ల గీత ఉంటే ఈడిస్‌లోనే ఇంకో రకం, అల్బోపిక్టస్. పొట్ట కొస చూడండి: ఈడిస్‌కు సూదిగా, క్యూలెక్స్‌కు మొద్దుగా ఉంటుంది.

ఇక మిగతావి. దోమను వేళ్లతో పట్టుకోకండి, పొలుసులు రాలితే వీపు గీతలు పోతాయి. చంపాక తడి దూది దగ్గర పెట్టకండి. ఒక ట్యూబులో కుక్కి పెట్టకండి, కుదుపులకు మీసాలు విరుగుతాయి. రెక్కల మీద మచ్చలుంటే అనాఫిలిస్ అన్న మాట బలపడుతుంది, కానీ అదొక్కటీ చాలదు. రాత్రి బల్బు కింద తొందరపడి చూడకండి. మగా ఆడా వేరు చేయకుండా లెక్క కూడకండి. మీసాలు చూడకుండా పాల్పుల జోలికి వెళ్లకండి. మళ్లీ చెబుతున్నా, ముందు మీసాలు. మీసాలు విరిగిపోయి ఆడో మగో తేలకపోతే, కాగితం మీద ‘తేలలేదు’ అని రాయండి. ఆ గడిలో అనాఫిలిస్ అని రాయకండి.