మన దిక్సూచి మనమే చేసుకుందాం – మూడో పాఠం: సూది తిరుగుతుంది, కానీ కదలదు

పోయిన పాఠంలో పాత స్పీకర్ నుంచి ఊడదీసిన అయస్కాంతంతో కుట్టుసూదిని రుద్దాం. బెజ్జం దగ్గర మొదలుపెట్టి మొన దాకా, ఎప్పుడూ ఒకే వైపు, అయస్కాంతం ఒకే ముఖంతో, నలభైసార్లు. మొన దాటగానే చెయ్యి పైకెత్తి, దూరంగా తిప్పి మళ్లీ బెజ్జం దగ్గరికి తెచ్చాం. వెనక్కీ ముందుకీ రుద్దినవాళ్లకి సూది గుండుసూదిని కూడా ఎత్తలేదని తెలిసే ఉంటుంది. ఎందుకు ఎత్తలేదో ముందు చూద్దాం.

ఇనుములోని ప్రతి అణువూ దాని ఎలక్ట్రాన్ల వల్ల చిన్న అయస్కాంతమే. పక్కపక్క అణువులు ఒకే దిక్కుకి తిరిగి ఉండాలని చూస్తాయి. కానీ సూది మొత్తం ఒకటే గుంపుగా ఉండదు, కంటికి కనపడనంత చిన్న పేటలుగా విడిపోయి ఉంటుంది. ఒక పేటలో అణువులన్నీ ఒకే దిక్కు చూస్తాయి, పక్క పేటలోవి ఇంకో దిక్కు. అంతర్వేది తీర్థంలో జనాన్ని చూడండి. మామూలుగా ఒక గుంపు గుడికి, ఒక గుంపు సముద్రానికి, ఒక గుంపు ఖర్జూరం అంగళ్లకి పోతుంటుంది. బలం అందరిలోనూ ఉంది, కానీ ఒకరిది ఒకరికి సరిపోతుంది. రథం మోకు పట్టుకున్నాక అదే జనం ఒకే వైపు లాగుతారు, అంత రథమూ కదులుతుంది. మనం రుద్దేటప్పుడు జరిగేది అదే. మన వైపు తిరిగి ఉన్న పేటలు పక్క పేటల్ని కలుపుకుని పెద్దవవుతాయి. వెనక్కీ ముందుకీ రుద్దితే ఒకసారి కలిపింది ఇంకోసారి చెదిరిపోతుంది.

కుట్టుసూదే ఎందుకు, మేకు ఎందుకు కాదు అని అడగొచ్చు. సూది గట్టిపరిచిన ఉక్కు. అందులో ఒకసారి కుదిరిన పేటలు అంత తేలిగ్గా చెదరవు. మెత్తటి ఇనుప మేకు త్వరగా అయస్కాంతం అవుతుంది, అంతే త్వరగా మామూలైపోతుంది.

ఇక నీళ్లలో వేద్దాం. వెడల్పాటి ప్లాస్టిక్ గిన్నె గానీ మట్టి మూకుడు గానీ తీసుకోండి. స్టీలు పళ్లెమే ఉంటే ముందు అయస్కాంతం పెట్టి చూడండి, అంటుకుంటే అది పనికిరాదు. వేలిగోరంత ధర్మాకోల్ ముక్క మీద సూదిని అడ్డంగా గుచ్చి నీటి మీద వదలండి. ఫ్యాను ఆపండి. సూది మెల్లగా తిరిగి, కాస్త దాటి, వెనక్కి వచ్చి, ఊగి ఊగి ఒక దిక్కున ఆగుతుంది. వేలితో తిప్పి వదిలినా మళ్లీ అక్కడికే వస్తుంది.

నేను మొదటిసారి ఇది చేసినప్పుడు మా అమ్మ పక్కన కూర్చుని చూసింది. "ఉత్తరం లాగుతోంది అన్నావు కదరా. లాగితే సూది అటే పోవాలి కదా, ఉన్నచోటే తిరుగుతుందేం?" అంది. దిక్సూచి గురించి నేను విన్న ప్రశ్నల్లో ఇంతకంటే మంచిది లేదు. ఈ పాఠమంతా ఆ ప్రశ్నకి జవాబే.

మీలో కొంతమంది, మా సూది నిజంగానే గిన్నె అంచుకి పోయింది అంటారు. పోతుంది, కానీ ఆ పని ఉత్తరానిది కాదు, నీటిది. గిన్నె సగమే నిండి ఉంటే నీరు అంచు దగ్గర గోడని పట్టుకుని కొంచెం పైకి పాకుతుంది, తేలే ముక్క ఆ ఎత్తుకి చేరుతుంది. అందుకే అది ఒకసారి తూర్పు అంచుకి, ఒకసారి దక్షిణం అంచుకి పోతుంది. గిన్నెని పూర్తిగా నింపండి. నీరు అంచు మీద కాస్త ఉబ్బి, ఇంకో చుక్క పడితే పొర్లుతుందన్నట్టు ఉండాలి. ఇప్పుడు నీటికి మధ్యే ఎత్తు, ముక్క అక్కడే నిలుస్తుంది. ఈ ఒక్క జాగ్రత్తతో సూది తిరుగుతుందే తప్ప ఎటూ పోదని మీ కళ్లతో మీరే చూడొచ్చు.

కారణం ఇది. సూదికి రెండు కొసలున్నాయి. భూమి అయస్కాంత క్షేత్రం ఒక కొసని ఉత్తరానికి లాగుతుంది, రెండో కొసని సరిగ్గా అంతే బలంతో దక్షిణానికి లాగుతుంది. నావ ముక్కు దగ్గర ఒకడు, వెనక ఒకడు గెడ వేసి చెరో వైపు సమానంగా తోశారనుకోండి. నావ ఉన్నచోటే తిరుగుతుంది, ఏరు దాటదు. సూది ఉత్తర దక్షిణాలుగా నిలిచాక రెండు లాగుళ్లూ ఒకే గీత మీదికి వస్తాయి. ఇక తిప్పేది ఏదీ లేదు, అక్కడ ఆగుతుంది.

అదే స్పీకర్ అయస్కాంతాన్ని గిన్నెకి జానెడు దూరం నుంచి మెల్లగా దగ్గరికి తెండి. సూది ముందు తిరుగుతుంది, తర్వాత పరుగున వచ్చి అంచుకి తగులుతుంది. ఇక్కడ తేడా ఏమిటంటే, అయస్కాంతం బలం దూరంతో చాలా త్వరగా తగ్గిపోతుంది. దగ్గరి కొస మీద లాగుడు ఎక్కువ, నాలుగు సెంటీమీటర్ల అవతలి కొస మీద తోపుడు తక్కువ. ఆ మిగులే సూదిని కదిలిస్తుంది. భూమి విషయంలో ఆ నాలుగు సెంటీమీటర్లు ఏ లెక్కలోకీ రావు, రెండు కొసల దగ్గరా బలం ఒకటే. లండన్‌లో దిక్సూచులు చేసే రాబర్ట్ నార్మన్ ఇనుప తీగని బెండుకి గుచ్చి నీళ్లలో వదిలి, అది తిరుగుతుందే గానీ జరగదని 1581లోనే రాశాడు.

సూది చూపేది నిజంగా ఉత్తరమేనా? నమ్మకం మీద వదిలెయ్యకండి, వాకిట్లోనే పరీక్షించొచ్చు. చదునైన నేల మీద జానెడు పుల్ల నిటారుగా పాతండి. ఉదయం తొమ్మిదింటికి దాని నీడ కొస దగ్గర గుర్తు పెట్టి, పుల్ల మొదలు కేంద్రంగా, ఆ గుర్తు మీదుగా తాడుతో వృత్తం గీయండి. నీడ మధ్యాహ్నం దాకా కురచై, మళ్లీ పెరిగి, మూడింటి ప్రాంతంలో వృత్తాన్ని ఇంకో చోట తాకుతుంది. అక్కడ రెండో గుర్తు. ఉదయం గుర్తు పడమర, సాయంత్రం గుర్తు తూర్పు. వాటిని కలిపే గీతకి అడ్డంగా లంబం గీస్తే అది ఉత్తర దక్షిణం. పాతకాలంలో ఇల్లు కట్టేముందు శంకువు పాతి దిక్కులు తేల్చింది ఇలాగే. దేశమంతటి గడియారానికి ఆధారమైన 82న్నర డిగ్రీల రేఖాంశం కాకినాడ పక్కగా పోతుంది కాబట్టి మన దగ్గర గడియారం పన్నెండుకీ సూర్యుడి నడినెత్తికీ కొద్ది నిమిషాలే తేడా. అందుకే తొమ్మిదికి జోడీ మూడు అన్నాను. కొబ్బరితోటలో నీడలు కలిసిపోతాయి, ఏటిగట్టు మీదికి వెళ్లండి.

మధ్యాహ్నం నీడ ఎటు పడితే అటే ఉత్తరం అని కొన్నిచోట్ల రాస్తారు. కోనసీమలో అది ఏడాదంతా పనిచేయదు. మనం ఉన్నది సుమారు 16న్నర డిగ్రీల అక్షాంశం. మే మొదటివారం నుంచి ఆగస్టు మొదటివారం దాకా సూర్యుడు మనకి ఉత్తరంగా దాటుతాడు, మధ్యాహ్నం నీడ దక్షిణానికి పడుతుంది. వృత్తం పద్ధతికి ఆ చిక్కు లేదు.

నేను ఇలా గీత గీసి మా అరుగు మీద సూదితో పోల్చితే ముప్పై డిగ్రీల తేడా వచ్చింది. గీత తప్పనుకుని మర్నాడు మళ్లీ గీశాను. అదే గీత వచ్చింది. సూదిని మళ్లీ రుద్దాను. అదే తేడా. రెండు రోజులు టెన్షన్ పడ్డాక చూశాను, సూది ఉత్తరపు కొస అరుగు పక్కనున్న బోరింగ్ పంపు వైపు ఒరుగుతోంది. గిన్నెని పంపుకి మూడడుగుల నుంచి ఆరడుగులకి జరిపితే తేడా ఎనిమిదికి దిగింది. పదిహేను అడుగుల దూరంలో సూదీ గీతా కలిశాయి. ఇంకా దూరం పోయినా ఏమీ మారలేదు. ఏళ్ల తరబడి నిలువుగా పాతి ఉన్న ఇనుప గొట్టాన్ని భూమే అయస్కాంతంగా చేస్తుంది. మన అర్ధగోళంలో దాని పై కొస సూది ఉత్తరపు కొసని లాగుతుంది. ఇంటి శ్లాబులో చువ్వలు, మోటర్‌సైకిల్, జేబులో ఫోన్, అన్నిటితోనూ ఇదే గొడవ. గుర్తుపట్టడం తేలిక: గిన్నెని నాలుగడుగులు జరపండి. సూది చూపు మారితే అక్కడ ఇనుము ఉంది, మారకపోతే అది భూమి మాట. మీ గీతకీ సూదికీ మధ్య ఒక డిగ్రీ తేడా ఉంటే దిగులు పడకండి. సూది చూపే ఉత్తరం, భూమి తిరిగే ఇరుసు ఉత్తరం ఒకటి కావు. కొన్ని దేశాల్లో ఈ తేడా పది, ఇరవై డిగ్రీలుంటుంది. మన ప్రాంతంలో ఇప్పుడు దాదాపు ఒక డిగ్రీయే.

భూమికి ఈ బలం ఎక్కడిది? భూమే పెద్ద అయస్కాంతమని విలియం గిల్బర్ట్ 1600లో చెప్పాడు. అయస్కాంతపు రాతిని గుండ్రంగా చెక్కి దాని మీద చిన్న సూదిని నడిపి చూపించాడు. అలాగైతే భూమి లోపల పెద్ద ఇనుప అయస్కాంతం ఉందనుకోవాలి కదా. ఉండదు. రుద్ది అయస్కాంతం చేసిన ఇంకో సూదిని పటకారుతో పట్టుకుని గ్యాస్ మంట మీద ఎర్రగా కాల్చి, చల్లారాక నీళ్లలో వేయండి. అది ఎటూ తిరగదు. ఇనుము 770 డిగ్రీల సెల్సియస్ దాటితే పేటలే ఉండవు, అణువులు తలోదారి పడతాయి. భూగర్భం వేడి అంతకు ఎన్నో రెట్లు. అక్కడ పనిచేసేది వేరు. దాదాపు 2,900 కిలోమీటర్ల లోతు నుంచి కరిగిన ఇనుము సముద్రంలా ఉంది. లోపలి వేడికి అది పొంగుతూ, భూమి తిరగడం వల్ల సుడులు తిరుగుతూ విద్యుత్తు పుట్టిస్తుంది, ఆ విద్యుత్తే అయస్కాంత క్షేత్రాన్ని నిలబెడుతుంది. పారే ఇనుము కాబట్టి ఆ క్షేత్రం కూడా ఒక్కచోట నిలవదు. ఉత్తరాన ఉన్న అయస్కాంత ధ్రువాన్ని 1831లో కెనడా పైన గుర్తించారు, ఇప్పుడది సైబీరియా వైపు నడుస్తోంది. సూది ఉత్తరపు కొసని లాగుతోంది కాబట్టి అది అయస్కాంతం లెక్కలో దక్షిణ ధ్రువమే. పేర్లు మాత్రం పాతవే ఉండిపోయాయి.

వచ్చే పాఠానికి ముందు ఒక పని చేసి ఉంచండి. ఇంకా రుద్దని సూదిని సన్నటి దారంతో నడుము దగ్గర కట్టి, తక్కెడ కాడలా సమంగా వేలాడేట్టు ముడిని జరిపి, ముడి మీద చుక్క జిగురు వేయండి. ఆరాక సూదిని రుద్ది మళ్లీ వేలాడదీయండి. ఈసారి అది సమంగా ఉండదు, ఉత్తరపు కొస నేల వైపు వంగుతుంది. ఆ వంపు ఎన్ని డిగ్రీలుందో కోణమానినితో కొలిచి రాసుకోండి. మన డెల్టాలో అది ఇరవై డిగ్రీల దగ్గర ఉండాలి. దారం మెలి సూదిని పట్టి ఉంచితే తక్కువ రావచ్చు, అందుకని మూడుసార్లు కొలవండి.