పోస్టు రాయడం నేర్చుకుందాం – 4: తిరగరాశాక లింకు ఎక్కడ పెట్టాలి?

మీ పాత సోషల్ మీడియా పోస్టును తిరగరాయమన్న మూడో పాఠం అభ్యాసానికి వచ్చిన జవాబుల్లో రాత చాలావరకు బాగుపడింది. అసలు విషయం మొదటి వాక్యంలోకి వచ్చింది, ‘మిత్రులందరికీ నమస్కారం’ లాంటివి పోయాయి. లింకు మాత్రం పాత చోటనే ఉండిపోయింది. చాలామంది పోస్టంతా మార్చారు గానీ చివర్లో ‘పూర్తి వివరాలకు కింది లింకు చూడండి’ అన్న పాత వాక్యాన్ని ముట్టుకోలేదు. కొందరు లింకును కామెంటులోకి జరిపి, ‘కింది లింకు’ అన్న మాటను పోస్టులోనే వదిలేశారు. ఇన్‌స్టాగ్రామ్‌కి రాసినవాళ్లు కొందరు క్యాప్షన్‌లోనే లింకు అతికించారు. అక్కడ అది ఉత్త అక్షరాలుగానే కనిపిస్తుంది, నొక్కినా ఏమీ తెరుచుకోదు. అందుకని హ్యాష్‌ట్యాగుల పాఠాన్ని వచ్చేసారికి జరిపి ఇప్పుడు లింకు సంగతి తేల్చేద్దాం.

పోయినసారి తీసుకున్న మేడతోట శిక్షణ పోస్టునే మళ్లీ చూద్దాం. పాత రాత ఇది:

‘మేడ మీద కూరగాయలు పెంచాలనుకునేవారికి శుభవార్త! త్వరలో ఒక శిక్షణ ఏర్పాటు చేస్తున్నాం. తేదీ, చోటు, ఫీజు, తెచ్చుకోవాల్సిన వస్తువులు అన్నీ కింది లింకులో ఉన్నాయి. చూసి అక్కడే నమోదు చేసుకోండి.’

తిరగరాసినది ఇది:

‘మేడ మీద కూరగాయల సాగు నేర్చుకోవాలంటే ఈ నెల రెండో ఆదివారం ఉదయం 9 గంటలకు మా నర్సరీకి రండి. కుండీ మట్టి కలపడం, నారు పోయడం, వేపనూనె పిచికారీ మీ చేతే చేయిస్తాం. 12 గంటలకు అయిపోతుంది. ఫీజు 300 రూపాయలు, చోటు 25 మందికే. ఏమీ తెచ్చుకోనక్కర్లేదు. శుక్రవారం సాయంత్రంలోగా పేరు నమోదు చేసుకోండి.’

పాత పోస్టులో తేదీ చెప్పడం దగ్గర్నుంచి పేరు రాయించుకోవడం దాకా అన్నీ లింకే చేసేది. కొత్త పోస్టులో దానికి మిగిలిన పని ఒక్కటే, పేరు నమోదు. ఏ పోస్టు తిరగరాసినా లింకు పని ఇలా ఎంతో కొంత మారుతుంది. అందుకే పోస్టు పూర్తయ్యాక ఒకసారి లింకును పూర్తిగా తీసేసి చదవండి. లింకు లేకపోతే చదివిన మనిషి ఏం చేయలేకపోతాడు? మనం అడిగిన పనే చేయలేకపోతే లింకు పోస్టులోనే ఉండాలి. చేయగలడు, ఇంకాస్త తెలుసుకోవాలనుకుంటేనే లింకు కావాలి అనిపిస్తే మొదటి కామెంటు చాలు. ఈ ఒక్క పోస్టుకే కాక మీ పోస్టులన్నిటికీ పనికొచ్చే లింకైతే, దాని చోటు బయో.

మేడతోట పోస్టులో అడిగిన పని నమోదు. లింకు లేకుంటే అది జరగదు కాబట్టి లింకు పోస్టులోనే, ‘నమోదు చేసుకోండి’ తర్వాత విడి లైనులో:

```
పేరు నమోదుకు:
https://example.com/medathota
```

విడి లైను ఎందుకో కూడా చెప్పాలి. తెలుగులో విభక్తిని పదానికి అంటించి రాస్తాం కదా, ఆ అలవాటుతో లింకుకి కూడా ‘లో’, ‘కి’ తగిలిస్తారు. `https://example.com/medathotaలో` అని రాస్తే కొన్ని యాప్‌లు ఆ ‘లో’ను కూడా చిరునామాలో భాగమనుకుంటాయి. నొక్కినవాళ్లకి పేజీ దొరకలేదన్న సందేశం వస్తుంది. మీ ఫోనులో బాగానే తెరుచుకుని, ఇంకొకరి ఫోనులో తెరుచుకోకపోవచ్చు కాబట్టి తప్పు మీ దృష్టికి రాదు. లింకు తర్వాత ఏ అక్షరమూ, చుక్కా, కామా లేకుండా లైను ముగించండి.

తెలుగు అక్షరాలున్న వెబ్ చిరునామా అయితే ఇంకో చిక్కుంది. తెలుగు వికీపీడియాలో ‘ఉగాది’ పేజీ చిరునామాను కాపీ చేస్తే చాలా బ్రౌజర్లు ఇలా ఇస్తాయి:

```
https://te.wikipedia.org/wiki/%E0%B0%89%E0%B0%97%E0%B0%BE%E0%B0%A6%E0%B0%BF
```

ఉ, గ, దీర్ఘం, ద, గుడి అని అయిదు గుర్తులు, ఒక్కోదానికి తొమ్మిది అక్షరాలు. ఒక్క ‘ఉగాది’ 45 అక్షరాలైంది. నాలుగైదు తెలుగు పదాల శీర్షిక ఉన్న పేజీ లింకును పోస్టులో పెడితే ఫోను తెరంతా శాతం గుర్తులే. ఫేస్‌బుక్‌లో అయితే లింకు అతికించి, కింద ప్రివ్యూ కార్డు వచ్చాక, పైనున్న అక్షరాలను చెరిపేసి పోస్టు చేయొచ్చు, కార్డు ఉంటుంది. అయితే ఆ కార్డు మీద వచ్చే శీర్షిక ఆ వెబ్ పేజీది, మీ పోస్టుది కాదు. తిరగరాసిన మొదటి వాక్యమూ కార్డు శీర్షికా ఒకేలా ఉంటే చదివేవాళ్లకి చెప్పిందే మళ్లీ చెప్పినట్టుంటుంది. అప్పుడు మార్చాల్సింది మీ వాక్యాన్నే. ఫొటో జతచేసిన పోస్టుకి కార్డు రాదు కాబట్టి అక్కడ అక్షరాలు చెరిపితే లింకే పోతుంది, జాగ్రత్త.

ఇక మొదటి కామెంటు. దీని గురించి కొంచెం ఎక్కువసేపు చెప్పాలి, ఎందుకంటే దాదాపు ప్రతి జవాబులోనూ ‘లింకు పోస్టులో ఉంటే రీచ్ పడిపోతుంది, అందుకే కామెంటులో పెట్టాను’ అన్న కారణం కనిపించింది.

ఈ భయానికి ఆధారం లేకపోలేదు. వివరణ పోస్టులో రాసి లింకును దాని కింది జవాబులో పెట్టమని 2024 నవంబరులో ఎక్స్ యజమాని ఎలాన్ మస్కే రాశారు. కానీ అది ఎక్స్ సంగతి. పైగా మేడతోట పోస్టుకి కావాల్సింది 25 పేర్లు. ఎంతమందికి కనిపించింది అన్నది కాదు, కనిపించినవాళ్లలో ఎంతమంది ఫారం దాకా వెళ్లగలిగారు అన్నదే అక్కడ లెక్క.

కామెంటులోని లింకు ఎక్కడెక్కడ జారిపోతుందో చూడండి. మీ పోస్టు నచ్చి ఒకరు తమ ప్రొఫైల్‌లో షేర్ చేశారు. పోస్టు వెళ్తుంది, దాని కింది కామెంట్లు వెళ్లవు. షేర్ చేసినచోట కామెంట్లు మళ్లీ ఖాళీగా మొదలవుతాయి. అక్కడ చూసినవాళ్లు మీ అసలు పోస్టు తెరిచి, కామెంట్లు తెరిచి, అందులో మీది వెతుక్కోవాలి. మనవాళ్లు ఎక్కువగా చేసేది ఇంకొకటి ఉంది. పోస్టులోని రాతను కాపీ చేసి అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో వేస్తారు. అప్పుడు ఆ గ్రూపులో ‘లింకు మొదటి కామెంటులో’ అన్న వాక్యం ఉంటుంది, కామెంటు మాత్రం ఉండదు. స్క్రీన్‌షాట్ తీసి పంపినా అంతే. శిక్షణ, రక్తదాన శిబిరం, ఉద్యోగ ప్రకటన లాంటివి ఇలా చేతులు మారే పోస్టులే. వాటికి లింకును కామెంటులో పెట్టడమంటే, పోస్టు మీ గోడ దాటగానే లింకు తెగిపోవడం.

మీ గోడ మీదే ఉన్నా మొదటి కామెంటు మొదట్లోనే ఉంటుందన్న హామీ లేదు. ఫేస్‌బుక్ కామెంట్లను చాలాచోట్ల `Most relevant` వరుసలో చూపిస్తుంది. ‘ఫీజు ఎంత?’ అన్న ప్రశ్నకి జవాబులు ఎక్కువైతే అదే పైకొస్తుంది, మీ లింకు కిందికి పోతుంది. పిన్ చేసే వీలున్నచోట వెంటనే పిన్ చేయండి. యూట్యూబ్‌లో మీ వీడియో కింద ఆ వీలుంది. కానీ యూట్యూబ్ షార్ట్స్‌కి అదీ పనికిరాదు. 2023 ఆగస్టు 31 నుంచి షార్ట్స్ కామెంట్లలో, వివరణలో ఉన్న లింకులు నొక్కితే తెరుచుకోవడం ఆగిపోయింది.

పదో తరగతి ఫలితాల రోజు పోస్టులకైతే లింకు కామెంటులో అసలు పెట్టొద్దు. ఆ రోజు కామెంట్ల నిండా ఎవరెవరివో లింకులు వచ్చి పడతాయి, వాటిలో నకిలీవీ ఉండొచ్చు. `bse.ap.gov.in` అనో `bse.telangana.gov.in` అనో చిరునామా పోస్టులోనే, పొట్టి చేయకుండా పూర్తిగా కనిపించాలి. చివర్న ఉన్న `gov.in` చూసే నమ్మకంగా నొక్కుతారు.

మరి మొదటి కామెంటు దేనికి? అదే నర్సరీ పెట్టిన ఇంకో పోస్టు ఇది: ‘మేడ మీద కుండీకి ఉత్త తోటమట్టి వేస్తే బరువెక్కువ, నీరూ ఇంకదు. మట్టి, కోకోపీట్, వర్మీకంపోస్టు సమపాళ్లలో కలిపి, కుండీకి గుప్పెడు వేపపిండి వేయండి.’ ఇది చదివినవాళ్లు లింకు లేకుండానే మట్టి కలుపుకోగలరు. కోకోపీట్ ఇటుకను నానబెట్టే తీరు ఫొటోలతో ఉన్న వ్యాసం లింకు కామెంటులో హాయిగా ఉంటుంది. పోస్టు వాట్సాప్‌కి వెళ్లి లింకు తెగిపోయినా ఎవరికీ నష్టం లేదు. అప్పుడు కూడా ‘లింకు కామెంటులో’ అని పోస్టులో రాయకండి. కామెంటులోనే ‘కోకోపీట్ నానబెట్టే విధానం ఫొటోలతో:’ అని రాసి లింకు ఇవ్వండి. ఉత్త లింకును ఎవరూ నొక్కరు. పోస్టు వేసిన వెంటనే ఆ కామెంటు పెట్టండి. ముందే రాసి నోట్స్‌లో ఉంచుకుంటే ఆలస్యం కాదు.

బయో గురించి క్లుప్తంగా చెబుతాను. ఇన్‌స్టాగ్రామ్‌లో క్యాప్షన్‌లోనూ కామెంటులోనూ లింకు తెరుచుకోదు కాబట్టి మామూలు పోస్టుకి బయో తప్ప దారి లేదు. స్టోరీకి లింకు స్టిక్కర్ ఉంది గానీ స్టోరీ 24 గంటలే. బయోలో అయిదు లింకుల దాకా పెట్టుకోవచ్చు. ప్రొఫైల్ మీద పైన ఉన్న ఒక్కటే కనిపిస్తుంది, మిగిలినవి దాన్ని నొక్కితేనే వస్తాయి. కాబట్టి ఇప్పుడు నడుస్తున్న పోస్టు లింకును పైకి జరపండి. క్యాప్షన్‌లో ‘లింక్ ఇన్ బయో’ అని వదిలేయకుండా, బయోలో ఆ లింకుకి పెట్టిన పేరే రాయండి: ‘బయోలో “మేడతోట నమోదు” నొక్కండి’. శిక్షణ అయిపోయాక బయోలోంచి ఆ లింకు తీసేసిన రోజే పాత క్యాప్షన్‌ను కూడా ‘నమోదు ముగిసింది’ అని సవరించాలి. లేకపోతే నెల తర్వాత ఆ పోస్టు చూసినవాళ్లు బయోకి వెళ్లి లేని పేరు వెతుక్కుంటారు. బయోలో ఎప్పుడూ ఉండదగినవి మొక్కల ధరల పట్టిక, నర్సరీకి దారి చూపే మ్యాపు లాంటివి.

మేడతోట పోస్టు ఇన్‌స్టాగ్రామ్‌కి కూడా వెళ్తే ఒకే రాత రెండుచోట్లా అతికించొద్దు. ఫేస్‌బుక్ రాతలో చివరి రెండు లైన్లు తీసి ఆ చోట బయో వాక్యం పెట్టండి. నేనైతే క్యాప్షన్‌లో ఫోను నంబరు కూడా ఇస్తాను. లింకు దాకా వెళ్లే ఓపిక లేనివాళ్లు ఫోను చేస్తారు.

అభ్యాసం: లింకు ఉన్న మీ పాత పోస్టు ఒకటి తీసి తిరగరాయండి. లింకు తీసేసి చదివి, ఎక్కడ పెట్టాలో ఒక్క వాక్యంలో కారణంతో రాయండి. తర్వాత పోస్టులో ‘కింద’, ‘పైన’, ‘ఇక్కడ’, ‘లింకు’, ‘కామెంటు’, ‘బయో’ అన్న మాటలు వెతికి, ఒక్కొక్కటీ ఇప్పటి లింకు చోటుకి సరిపోతుందో లేదో చూడండి. రాతను కాపీ చేసి మీ ఇంట్లో ఒకరికి వాట్సాప్‌లో పంపి, ఏమీ చెప్పకుండా అందులో అడిగిన పని చేయమనండి. వాళ్లు మిమ్మల్ని ప్రశ్న అడిగితే లింకు చోటు తప్పినట్టే. ఫారం ఉన్నవాళ్లు అందులో ‘ఈ లింకు మీకు ఎక్కడ దొరికింది?’ అన్న ప్రశ్న చేర్చి, పోస్టు, కామెంటు, బయో, వాట్సాప్ అని నాలుగు జవాబులు ఇవ్వండి. వారం తర్వాత వచ్చిన లెక్కను మీరు రాసిన కారణం పక్కన పెట్టి పంపండి.